రొయ్యల పరికరం లాంచ్: డెమో ఎప్పుడు, ఎమ్మెల్యే గారు ఎప్పుడు, విలేకరులు ఎప్పుడు?

ప్రశ్న: మాది కావలి. ఆరుగురం కలిసి చిన్న కంపెనీ పెట్టాం. రొయ్యల చెరువులో ఆక్సిజన్ ఎప్పటికప్పుడు కొలిచి, పడిపోతే రైతుకు ఫోన్ చేసి, ఏరియేటర్లను దానంతటదే ఆన్ చేసే పరికరం తయారు చేశాం. వచ్చే నెల ఒక శుక్రవారం నెల్లూరులో ఫంక్షన్ హాల్ తీసుకుని లాంచ్ పెట్టుకుంటున్నాం. 120 మంది రైతులు, ఒక పదిహేను మంది విలేకరులు వస్తారు. చీఫ్ గెస్ట్ ఎమ్మెల్యే గారు. ఈవెంట్ వాళ్లు ఇచ్చిన షెడ్యూల్ ఇది: 11:00 జ్యోతి ప్రజ్వలన, 11:10 అతిథులకు సన్మానం, 11:30 ప్రసంగాలు, 12:20 లైవ్ డెమో, 12:40 ప్రెస్ మీట్, 1:00 లంచ్. డెమోలో టబ్బులో నీళ్లు పెట్టి ఆక్సిజన్ తగ్గించి చూపిద్దామనుకుంటున్నాం. ఈ టైమింగ్స్ సరిపోతాయా?

సమాధానం: సరిపోవండీ. అన్నిటికంటే ముందు ఆ శుక్రవారాన్ని మార్చండి. శుక్రవారం రాహుకాలం పదిన్నర నుంచి పన్నెండు. మీకు పట్టింపు లేకపోవచ్చు, కానీ మీరు పిలిచే వాళ్లలో సగం మందికి ఉంటుంది. ఎమ్మెల్యే గారి పీఏ ఆ సంగతి పైకి చెప్పడు, "సార్ బయల్దేరారు, దారిలో ఉన్నారు" అంటూ పన్నెండు దాటే దాకా లాగుతాడు, మీరేమో ట్రాఫిక్ వల్ల లేటనుకుంటూ ఉంటారు. గురువారం పెట్టుకోండి. ఆ రోజు రాహుకాలం మధ్యాహ్నం ఒకటిన్నరకు గానీ మొదలవదు. బుధవారమైతే పన్నెండుకే మొదలవుతుంది కాబట్టి అది కూడా ఇరుకే. డేట్ ఖాయం చేసే ముందు పంచాంగంలో వర్జ్యం, దుర్ముహూర్తం కూడా ఒకసారి చూసి, ఇన్విటేషన్ ఆ తర్వాతే ప్రింటుకివ్వండి.

ఇక అసలు విషయం. మీ షెడ్యూల్‌లో డెమో చివర ఉంది. పన్నెండూ ఇరవైకి అనుకున్న డెమో పన్నెండున్నరకు మొదలైతే అదే గొప్ప, మామూలుగా ఒంటిగంట అవుతుంది. అప్పటికి విలేకరుల్లో సగం మంది ఇంకో ప్రోగ్రామ్‌కు వెళ్లిపోతారు, ఎందుకంటే వాళ్లకు ఒకే పూట మూడు నాలుగు ఉంటాయి. ఎమ్మెల్యే గారు మాట్లాడటం అవగానే లేస్తారు, ఆయనతో పాటు ఆయన వెంట వచ్చిన వాళ్లందరూ లేస్తారు, హాలు ఒక్కసారిగా ఖాళీ అయినట్టు కనిపిస్తుంది. వెనక నుంచి చేపల పులుసు వాసన వచ్చిందంటే రైతులు కూడా కుర్చీల్లో కదలడం మొదలుపెడతారు. మీరు ఇంత డబ్బు ఖర్చు పెట్టేది ఆ టబ్బు ముందు గడిచే పది పన్నెండు నిమిషాల కోసం. కాబట్టి డెమో ఎప్పుడో ముందు తేల్చుకుని, మిగతావన్నీ దాని చుట్టూ సర్దండి.

ఆ సర్దేది ఎలాగో చెప్పే ముందు డెమోకి నిజంగా ఎంత టైమ్ పడుతుందో తేలాలి. మీ ఈవెంట్ వాళ్లు ఇరవై నిమిషాలు అని రాశారు గానీ, అది ఎక్కడి నుంచి వచ్చిన లెక్కో వాళ్లకే తెలియదు.

టబ్బులో ఆక్సిజన్ తగ్గించడానికి మీరు వాడబోయేది సోడియం సల్ఫైటే అయి ఉంటుంది, ప్రోబ్‌ను సున్నాకి క్యాలిబ్రేట్ చేసేటప్పుడు వాడే పొడి. ఒక మిల్లీగ్రాము ఆక్సిజన్ తీసేయడానికి అది సుమారు ఎనిమిది మిల్లీగ్రాములు కావాలి. 50 లీటర్ల గాజు టబ్బు తీసుకున్నారనుకుందాం. మామూలు నీళ్లలో 30 డిగ్రీల దగ్గర ఆక్సిజన్ లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. దాన్ని రెండున్నరకు దించాలంటే లీటరుకు ఐదు చొప్పున 250 మిల్లీగ్రాములు తీసేయాలి, అంటే పొడి రెండు గ్రాములు. చూడ్డానికి చిటికెడే. ఇక్కడే దెబ్బ తింటారు. స్టేజీ మీద టెన్షన్‌లో చిటికెడు చాలదేమో అనిపించి స్పూన్‌తో వేస్తారు. నంబరు జర్రున సున్నాకి పడిపోతుంది, అందరూ చప్పట్లు కొడతారు, ఏరియేటర్ ఆన్ అవుతుంది, కానీ ఆ తర్వాత నంబరు పైకి రాదు. నీళ్లలో మిగిలిపోయిన పొడి, ఏరియేటర్ ఇచ్చే ఆక్సిజన్‌ను వచ్చింది వచ్చినట్టే తినేస్తూ ఉంటుంది. నేను ఒక లాంచ్‌లో ఇది కళ్లారా చూశాను. ఏరియేటర్ బుడబుడమంటూనే ఉంది, స్క్రీన్ మీద నంబరు మాత్రం 0.3 దగ్గర కూర్చుంది. వెనక నుంచి ఒక రైతు "ఏరియేటర్ పని చేయట్లేదయ్యా" అని అరిచాడు, ఆ మాటే బయటికి పోయింది. పరికరంలో ఏ లోపమూ లేదు, పొడి ఎక్కువైంది అంతే.

అందుకని నగల దుకాణంలో ఉండేలాంటి చిన్న ఎలక్ట్రానిక్ కాటా మీద రెండు గ్రాములు తూచి, చిన్న పౌచ్‌లో సీల్ చేసి పెట్టుకోండి. అన్‌హైడ్రస్ రకమే కొనండి, స్ఫటికాల రూపంలో దొరికే రకంలో సగం బరువు నీళ్లదే కాబట్టి లెక్క తప్పుతుంది. ప్యాకెట్ కొత్తగా విప్పినదై ఉండాలి, గాలి తగిలి ఎన్నాళ్లో ఉన్న పొడికి బలం తగ్గుతుంది. పొడి వేశాక నీళ్లు కలుపుతూ ఉండాలి, లేకపోతే ప్రోబ్ దగ్గర ఒక లెక్క, అడుగున ఒక లెక్క చూపిస్తుంది. ఇవన్నీ హాలుకు తీసుకెళ్లే నీళ్లతోనే, అదే టబ్బుతో, అదే ఎయిర్ పంపుతో ఇంట్లో స్టాప్‌వాచ్ పెట్టుకుని మూడు నాలుగు సార్లు చేయండి. పడటానికి ఎన్ని నిమిషాలు, ఫోన్ మోగడానికి ఎన్ని సెకన్లు, అలారం మోగే హద్దు 4 అనుకుంటే మళ్లీ అది దాటడానికి ఎన్ని నిమిషాలు అని విడివిడిగా రాసుకోండి. మీ డెమో టైమ్ ఆ కాగితంలోంచే రావాలి. రెండు గ్రాములన్నది మొదలుపెట్టే లెక్క మాత్రమే, మీ నీళ్లను బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది.

ఇంకో రెండు సంగతులు. పోలరోగ్రాఫిక్ రకం ప్రోబ్ అయితే ఆన్ చేశాక పది పదిహేను నిమిషాలు ఆగితే గానీ రీడింగ్ నిలబడదు. హాల్లో కరెంటు పోయి జనరేటర్ అందుకునే లోపు పరికరం ఆఫ్ అయితే ఆ పదిహేను నిమిషాలూ మళ్లీ మొదటికొస్తాయి. కాబట్టి పరికరానికి, ఎయిర్ పంపుకు, స్క్రీన్ నడిపే ల్యాప్‌టాప్‌కు వేరే చిన్న యూపీఎస్ పెట్టండి. లైట్లు, మైకు హాలు వాళ్ల ఏర్పాటుకే వదిలేయండి. రెండోది, చెరువు దగ్గర దొంగ అలారాలు రాకూడదని మీ పరికరం కొన్ని నిమిషాల సగటు చూసి గానీ ఫోన్ చేయదనుకుంటా. స్టేజీ మీద అంతసేపు ఆగలేరు, డెమో కోసం ఆ గడువు తగ్గించుకోండి. కానీ తగ్గించామని మైకులో చెప్పండి. "చెరువు దగ్గర ఇది ఇన్ని నిమిషాలు చూశాకే మోగుతుంది, ఇక్కడ వెంటనే మోగేలా పెట్టాం" అంటే ఎవరూ తప్పు పట్టరు. చెప్పకుండా వదిలేస్తే కొన్న రైతు మొదటి వారంలోనే "ఆ రోజు వెంటనే మోగింది కదా" అని మీ గుమ్మంలో ఉంటాడు.

టబ్బులో రొయ్యలు మాత్రం వేయకండి. చూడ్డానికి బాగుంటుందని ఎవరో ఒకరు తప్పకుండా సలహా ఇస్తారు. ఆక్సిజన్ పడిపోతే అవి పైకి తేలతాయి, ఫొటోగ్రాఫర్ ఆ క్షణమే నొక్కుతాడు.

ఇప్పుడు చీఫ్ గెస్ట్ సంగతి. ఆయన ఎన్నింటికి వస్తారో ఆయనకే తెలియదు, దాని గురించి బాధపడి లాభం లేదు. కాబట్టి ఆయన భాగాన్ని ఒక గడియారం టైముకు కట్టేయకండి. షెడ్యూల్‌లో ఆయనది జరిపే వీలున్న ముక్క, ఎక్కడ వస్తే అక్కడ పెట్టేలా ఉండాలి. డెమో మాత్రం ఆయన ఉన్నా లేకున్నా చెప్పిన టైముకు మొదలవ్వాలి. ఇది ఎలా కుదురుతుందంటే, టబ్బులు రెండు పెట్టండి. పౌచ్‌లు రెండు, ప్రోబ్‌లు రెండు. మొదటి టబ్బు రైతులకు. రెండోది ఆయన వచ్చాక ఆయన చేత్తో పౌచ్ వేయించడానికి. ఆయన ముందే వచ్చి మొదటి డెమోనే చూస్తే, రెండో టబ్బు మీకు స్పేర్‌గా ఉంటుంది. మొదటిదాంట్లో ఏదైనా తేడా వస్తే "ఇది పక్కన పెట్టి ఇందులో చూద్దాం" అని కదలొచ్చు.

నేనైతే మీ గురువారాన్ని ఇలా వేస్తాను. పొద్దున తొమ్మిదికల్లా టబ్బులు నిండి, పరికరాలు ఆన్ అయి, చెరో సిమ్ వేరే నెట్‌వర్క్‌ది పడి ఉండాలి. నూట ఇరవై ఫోన్లు ఒక్క హాల్లోకి వచ్చాక సిగ్నల్ ఎలా ఉంటుందో ముందు రోజు రిహార్సల్‌లో తెలియదు. పదింటి నుంచి రైతులు వస్తారు, విడవలూరు, ఇందుకూరుపేట, అల్లూరు వైపు వాళ్లు పొద్దున మేత వేయించి, చెక్ ట్రేలు చూసుకుని బయల్దేరతారు కాబట్టి అంతకంటే ముందు ఆశించకండి. పదిన్నరకు టీ, పదకొండుకు అందరూ కూర్చోవాలి. 11:05కు జ్యోతి, దానికి ఐదు నిమిషాలు. ఎమ్మెల్యే గారు రాకపోతే వచ్చిన వాళ్లలో పెద్ద రైతుతో, మత్స్యశాఖ అధికారితో వెలిగించండి. 11:10కి మీలో ఒకరు మూడు నిమిషాల స్వాగతం. ఆ తర్వాత ఒక రైతు, మీ పరికరం ట్రయల్ పెట్టుకున్నాయన, ఐదు నిమిషాలు. తెల్లవారుజామున మూడు నాలుగు గంటలకు ఆక్సిజన్ పడిపోవడం అంటే ఏమిటో, కాపలా వాడు నిద్రపోతే ఏమవుతుందో ఆయన నోటితో వస్తేనే హాలు నిశ్శబ్దమవుతుంది. మీరు స్లైడ్లు వేసి చెప్పొద్దు.

11:20కి పౌచ్ పడాలి. నంబరు దిగుతున్నంత సేపూ, మీ రిహార్సల్‌లో మూడు నిమిషాలు వచ్చిందనుకుందాం, ఎవరూ ఎక్కువ మాట్లాడొద్దు, జనం స్క్రీన్ చూస్తారు. 4 దాటి దిగగానే ట్రయల్ రైతు జేబులో ఫోన్ మోగాలి, దాన్ని మైకు దగ్గర పెట్టి స్పీకర్‌లో వినిపించాలి, ఆ వెంటనే ఎయిర్ పంపు ఆన్ అవ్వాలి. నంబరు మళ్లీ పైకి ఎక్కడానికి ఆరేడు నిమిషాలు పడుతుంది. ఈ ఖాళీని వదిలేస్తే హాలు కబుర్లలో పడిపోతుంది. ధర, వారంటీ, ప్రోబ్‌కు నాచు పడితే ఎన్ని రోజులకు తుడవాలి, పాడైతే ఎవరు వస్తారు, ఇవన్నీ చెప్పేది సరిగ్గా అప్పుడే. మాట్లాడే వ్యక్తి స్క్రిప్టు ఆ ఆరేడు నిమిషాలకు కొలిచి రాసుకోవాలి. నంబరు 4 దాటే వేళకు ఆయన ధర దగ్గరికి వస్తే బ్రహ్మాండంగా ఉంటుంది, రిహార్సల్‌లో టైమ్ చేసుకుంటే అది కుదురుతుంది. 11:32కల్లా డెమో అయిపోతుంది.

11:35 నుంచి 12:15 దాకా అతిథుల ముక్క. ఎమ్మెల్యే గారు ఈ నలభై నిమిషాల్లో ఎప్పుడొచ్చినా పన్నెండు నిమిషాల్లో ఆయన పని పూర్తయ్యేలా పెట్టుకోండి: రెండో టబ్బులో పౌచ్, ఫోన్ మోగడం, ఆవిష్కరణ, ఫొటో, ఆయన మాటలు. నంబరు తిరిగి ఎక్కేది ఆయన మాట్లాడుతుండగా వెనక స్క్రీన్ మీద జరుగుతుంది. ఆయన వచ్చే వరకు మిగతా అతిథులు మాట్లాడుతూ ఉంటారు, ఆయన గుమ్మంలోకి రాగానే మాట్లాడుతున్న వాళ్లు రెండు వాక్యాల్లో ముగించాలి. ఈ సంగతి వాళ్లకు ముందే చెప్పి ఉంచండి, అప్పటికప్పుడు చీటీ పంపితే నొచ్చుకుంటారు. ఒకవేళ మొదటి డెమో మధ్యలో వచ్చేశారా, డెమో ఆపకండి. ముందు వరుసలో కూర్చోబెట్టి, పరికరం గురించి చెవిలో చెప్పే మనిషిని పక్కన ఉంచండి. 12:15కి కూడా రాకపోతే మత్స్యశాఖ అధికారి చేతుల మీదుగా ఆవిష్కరణ చేసేయాలి. ఈ నిర్ణయం ఎవరిదో ముందే తేల్చుకోండి. ఆ టైముకు ఆరుగురూ మొహమొహాలు చూసుకుంటే ఇంకో అరగంట పోతుంది. పీఏతో ఫోన్‌లో ఉండే పని ఒక్కరికే ఇవ్వండి. "ఎంతసేపట్లో వస్తారు" అని అడిగితే "పది నిమిషాలు" అంటాడు, "ఎక్కడి దాకా వచ్చారు" అని అడిగితే ఊరి పేరు వస్తుంది, అది లెక్కకు పనికొస్తుంది.

సన్మానాలకు మీ వాళ్లు ఇరవై నిమిషాలు రాశారు. పేరు పిలిచి, ఆయన లేచి మెట్లెక్కి, బొకే, శాలువా, ఫొటో అయ్యేసరికి మనిషికి నిమిషంన్నరకు తక్కువ కాదు. పన్నెండు మందిని స్టేజీ మీదికి పిలిస్తే పద్దెనిమిది నిమిషాలు, అదీ ఎవరూ ఆగి మాట్లాడకపోతే. స్టేజీ మీద నలుగురే ఉండనివ్వండి. మిగతా పెద్దలకు ముందు వరుసలో పేరు రాసిన కుర్చీలు వేసి, యాంకర్‌తో కూర్చున్న చోటే పేర్లు చదివించి, శాలువాలు లంచ్ దగ్గర కప్పండి. ప్రభుత్వం తరఫు వాళ్లు ఎవరి తర్వాత ఎవరన్నది మాత్రం మీరు ఊహించకండి, మత్స్యశాఖ ఆఫీసులో అడిగి ఆ వరుసలోనే యాంకర్‌కు రాసివ్వండి. పేరు వరుస తప్పిందని అలిగి వెళ్లిపోయిన వాళ్లున్నారు.

విలేకరులకు 12:15 అయ్యాక పక్క గదిలో ఇరవై నిమిషాలు. వాళ్లను లంచ్ దాకా కూర్చోబెట్టొద్దు. జిల్లా పేజీకి వాళ్లు సాయంత్రంలోపు వార్త పంపాలి, అంతకు ముందు వేరే చోట్లకూ వెళ్లాలి. వాళ్లకు కావాల్సింది ఒక పేజీ తెలుగు ప్రెస్ నోట్, దాన్ని వాట్సాప్‌లో కాపీ చేసుకునేలా మామూలు టెక్స్ట్‌గా పంపండి, పీడీఎఫ్ పంపితే మళ్లీ టైప్ చేసుకోవాలి, ఎవరూ చేయరు. మొదటి రెండు వాక్యాల్లోనే పరికరం ఏం చేస్తుందో, ధర ఎంతో, ఎవరు తయారు చేశారో రావాలి, పేజీలో చోటు లేకపోతే కింద నుంచి కోస్తారు కాబట్టి. కూర్చోబెట్టేటప్పుడు కెమెరా వాళ్లను టబ్బుకు ఓ పక్కగా, నంబరు స్క్రీన్, అతిథి చెయ్యి ఒకే ఫ్రేములో పడే చోట పెట్టండి. స్క్రీన్ ఎదురుగా పెడితే ఫొటోలో నంబరు తెల్లగా మెరుస్తుంది తప్ప కనపడదు, ఇది ముందు రోజే మీ ఫోన్‌తో తీసి చూసుకోవచ్చు. టీవీ వాళ్లకు సౌండ్ మిక్సర్ నుంచి లైన్ ఇవ్వమని సౌండ్ అతనికి చెప్పండి. ప్రశ్నల్లో "ఇది పెట్టుకుంటే పంట పోదా" అన్నది కచ్చితంగా వస్తుంది. ఔనని అనకండి. ఆక్సిజన్ వల్ల పోయేదాన్ని ఆపుతుంది, వైట్ స్పాట్ లాంటి జబ్బులతో దీనికి సంబంధం లేదు అని స్పష్టంగా చెప్పండి, హెడ్డింగు మీ మాటల్లోంచే తీస్తారు.

విలేకరులు పక్క గదిలో ఉన్న ఆ ఇరవై నిమిషాలూ రైతులను ఖాళీగా ఉంచొద్దు. రెండు టబ్బుల చుట్టూ చేరి ముట్టుకుని చూడనివ్వండి, బుకింగ్ టేబుల్ అప్పుడే తెరవండి. లంచ్ 12:40కి. అంతకు ముందు వంట మూతలు తీయొద్దని కేటరింగ్ అతనికి చెప్పి, షెడ్యూల్ కాగితం అతనికీ ఒకటివ్వండి. ఈ కాగితాన్ని మన వైపు అధికారులు, పీఏలు మినిట్ టు మినిట్ అంటారు, అదే పేరుతో పంపితే వాళ్లకు వెంటనే అర్థమవుతుంది. ప్రతి వరుసలో టైము, ఎన్ని నిమిషాలు, స్టేజీ మీద ఎవరు, మైకు ఎవరి చేతిలో, స్క్రీన్ మీద ఏముంది, ఎవరి బాధ్యత అన్నవి ఉంటే చాలు. పెద్ద అక్షరాల్లో ప్రింట్ తీసి యాంకర్, సౌండ్, జనరేటర్, టబ్బు, గుమ్మం, వంట, ఆరు చోట్లా ఇవ్వండి. పీఏకు పంపే కాపీలో మాత్రం ఎమ్మెల్యే గారి టైము 11:15 అని రాయండి, మీ కాపీలో 11:35 ఉంటుంది.

ఒంటిగంటకల్లా మంచి ఫొటోలు రెండు, ఎడమ నుంచి కుడికి పేర్లతో సహా, విలేకరులందరికీ వెళ్లిపోవాలి. ఆ పని తిండి దగ్గర తిరిగే మనిషికి కాకుండా, ఫోన్ పట్టుకుని కూర్చునే మనిషికి అప్పగించండి.